కన్సాలిడేషన్‌లో 5.55 లక్షల తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: మా కంపెనీ కాకినాడలో వంటనూనె ప్యాక్ చేసి అమ్ముతుంది. ప్లాస్టిక్ సీసాలు చేసే ఒక కంపెనీలో 2022 ఏప్రిల్ 1న 80 శాతం వాటా 2.60 కోట్లకు కొన్నాం. 2024-25కి రెండింటి కన్సాలిడేటెడ్ లెక్కలు నేనే తయారు చేశాను. మా లాభం 90 లక్షలు, వాళ్లది 30 లక్షలు. మా గోడౌన్‌లో వాళ్ల సీసాలు 13 లక్షలవి ఉన్నాయి. వాళ్లు వేసుకునే లాభం 25 శాతం కాబట్టి 3.25 లక్షలు తీసేశాను. మిగతా 20 శాతం వాటా ఉన్న మైనారిటీకి 6 లక్షలు పోను మాకు 110.75 లక్షలు వచ్చింది. ఆడిటర్ గారు 105.20 అంటున్నారు. మైనారిటీ ఇంట్రెస్ట్ నాకు 76 లక్షలు, ఆయనకు 75.20. రెండు కంపెనీల మధ్య బాకీలో 1,24,900 తేడా ఉంది. పోయినేడాది స్టాక్‌లో లాభం కూడా చూడమంటున్నారు. అది ఎప్పుడో అమ్ముడైపోయింది కదండీ? ఫైలింగ్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.
— అకౌంట్స్ మేనేజర్, కాకినాడ

సమాధానం: నమస్కారమండీ. మీరు జత చేసిన ట్రయల్ బ్యాలెన్సులు, స్టాక్ షీట్లు చూశాను. ఆడిటర్ గారి అంకెలు సరైనవే. తేడా మూడు చోట్ల ఉంది: డివిడెండ్, స్టాక్‌లోని లాభం, ఆ లాభంలో మైనారిటీ వాటా. మీ కూడికల్లో తప్పు లేదు. రెండు కంపెనీల లెక్కలు కలిపారు గానీ, ఆ రెండూ ఒకే కంపెనీ అయి ఉంటే పుస్తకాల్లో ఏముండేదో ఆ దృష్టితో చూడలేదు. ప్రతి ఎంట్రీకీ ఆ ఒక్క ప్రశ్న వేసుకోవాలి.

ముందు డివిడెండ్ సంగతి, ఎందుకంటే పెద్ద మొత్తం అదే. మీ సబ్సిడరీ, అంటే సీసాల కంపెనీ, ఈ ఏడాది 10 లక్షల డివిడెండ్ ఇచ్చింది. అందులో 8 లక్షలు మీకు వచ్చాయి, మీ ‘ఇతర ఆదాయం’లో పడ్డాయి. అంటే మీ 90 లక్షల లాభంలో ఆ 8 లక్షలు ఉన్నాయి. కానీ ఆ డబ్బు సబ్సిడరీ సంపాదించిన లాభంలోంచి వచ్చిందే. ఆ లాభాన్ని మీరు 30 లక్షల రూపంలో ఒకసారి పూర్తిగా కలిపేశారు. డివిడెండ్‌ని కూడా ఉంచేస్తే ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కేసినట్టు. కాబట్టి ఆ 8 లక్షలు తీసేయాలి. మిగతా 2 లక్షలు మైనారిటీ వాటాదారులకు నిజంగా గ్రూపు బయటికి వెళ్లిపోయాయి కాబట్టి, అవి మైనారిటీ ఇంట్రెస్ట్ బ్యాలెన్స్‌లోంచి తగ్గుతాయి. ఖర్చుగా రాకూడదు.

ఇక స్టాక్. మీకు చిక్కు పడింది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

సబ్సిడరీ ఈ ఏడాది మీకు 1.20 కోట్ల సీసాలు అమ్మింది. గ్రూపు దృష్టిలో అది అమ్మకమే కాదు, సరుకు ఒక గోడౌన్ నుంచి ఇంకో గోడౌన్‌కి మారింది, అంతే. మీ అమ్మకాలు 18 కోట్లు, వాళ్లవి 6 కోట్లు కలిపితే 24 కోట్లు వస్తుంది. అందులో 1.20 కోట్లు తీసేస్తే కన్సాలిడేటెడ్ అమ్మకాలు 22.80 కోట్లు. అంతే మొత్తాన్ని మీ కొనుగోళ్లలోంచీ తీసేస్తారు కాబట్టి ఈ ఎంట్రీ వల్ల లాభం మారదు. మీరు ఇది సరిగ్గానే చేశారు.

లాభం మారేది మీ దగ్గర మిగిలిన సీసాల వల్ల. సీసా బయటి కస్టమర్‌కి చేరేదాకా దాని మీద గ్రూపుకి లాభం రానట్టే. మీ ప్రకారం అలాంటి సీసాలు 13 లక్షలవి. కానీ మీ స్టాక్ షీట్ ఇంకో రకంగా చెబుతోంది. 13 లక్షలు గోడౌన్‌లో ఖాళీగా ఉన్న సీసాల విలువ మాత్రమే. నూనె నింపి, మూత బిగించి, పెట్టెల్లో పెట్టి, అమ్మకానికి సిద్ధంగా ఉన్న సరుకులో కూడా వాళ్ల సీసాలే ఉన్నాయి. మీ ప్యాకింగ్ కాస్ట్ షీట్ ప్రకారం వాటి విలువ 6 లక్షలు. అది ‘ఫినిష్డ్ గూడ్స్’లో నూనె ధరతో కలిసిపోయింది కాబట్టి కంటికి కనబడదు. ఈ పొరపాటు ఎక్కువగా జరిగేది ప్యాకింగ్ మెటీరియల్ దగ్గరే. మార్చి 31న మీ దగ్గరున్న నింపిన సీసాల సంఖ్యని సైజుల వారీగా తీసి, సబ్సిడరీ ఇన్వాయిస్ రేటుతో గుణిస్తే ఈ అంకె బయటపడుతుంది. బయటి సప్లయర్ల దగ్గర కూడా సీసాలు కొంటే, చివరి కొనుగోళ్లలో సబ్సిడరీ వాటా ఎంతో చూసి ఆ నిష్పత్తి వాడండి. ఏటా అదే పద్ధతి పాటించడం ముఖ్యం.

ఇంకో లక్ష విలువైన సీసాలు మార్చి 30న వాళ్ల ఫ్యాక్టరీ నుంచి బయల్దేరి ఏప్రిల్ 2న మీకు చేరాయి. మార్చి 31న అవి లారీలో ఉన్నాయి. వాళ్లు అమ్మకం రాసేశారు, మీరు కొనుగోలు రాయలేదు. గ్రూపు దృష్టిలో మాత్రం ఆ సరుకు గ్రూపుదే, ఎవరి గోడౌన్‌లోనూ లేదు, అంతే. దీన్నీ కలుపుకుంటే 13, 6, 1 కలిపి మొత్తం 20 లక్షలు.

ఇప్పుడు శాతం. సబ్సిడరీ వేసుకునే 25 శాతం దేని మీద? తయారీ ఖర్చు మీద. 100 రూపాయల ఖర్చుకి 25 కలిపి 125కి మీకు అమ్ముతారు. మీ స్టాక్ విలువ ఉన్నది ఆ 125 లెక్కలో. కాబట్టి మీ స్టాక్‌లో లాభం 125లో 25, అంటే 20 శాతం. 20 లక్షల్లో 20 శాతం 4 లక్షలు. వాళ్ల అమ్మకపు ధరలో 20 లక్షలుగా ఉన్న సీసాలు కన్సాలిడేటెడ్ బ్యాలెన్స్ షీట్‌లో 16 లక్షలుగా కనబడాలి, ఎందుకంటే గ్రూపు వాటి మీద పెట్టిన ఖర్చు అంతే.

ఈ శాతం వాడేముందు సబ్సిడరీ కాస్టింగ్ షీట్ ఒకసారి తెప్పించి చూడండి. 100 అని వాళ్లు చెబుతున్న ఖర్చులో, అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 2 ప్రకారం స్టాక్ విలువలో చేర్చదగ్గవే ఉండాలి: ప్లాస్టిక్ గింజలు, కరెంటు, కార్మికుల జీతాలు, ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్‌లు. ఆఫీసు ఖర్చులు, అమ్మకపు ఖర్చులు కూడా అందులో కలిపేసి ఉంటే, తీసేయాల్సిన లాభం 20 శాతం కంటే ఎక్కువ అవుతుంది.

పాత స్టాక్ అమ్ముడైపోయింది కదా అన్నారు. నిజమే, అందుకే దాన్ని పట్టించుకోవాలి. 2024 మార్చి 31న మీ దగ్గర వాళ్ల సీసాలు 15 లక్షలవి ఉన్నాయి. పోయినేడాది కన్సాలిడేషన్‌లో వాటిలోని 3 లక్షల లాభాన్ని తీసేశారు. అయితే ఆ ఎంట్రీ కన్సాలిడేషన్ షీట్‌లో మాత్రమే జరిగింది. మీ పుస్తకాల్లోనూ జరగలేదు, వాళ్ల పుస్తకాల్లోనూ జరగలేదు. ఈ ఏడాది ఆ సీసాలు వాడినప్పుడు మీ పుస్తకాల్లో ఖర్చు 15 లక్షలుగా పడింది. గ్రూపుకి వాటి అసలు ఖర్చు 12 లక్షలే. కాబట్టి రెండు కంపెనీల లాభాలు ఊరికే కలిపితే ఈ ఏడాది లాభం 3 లక్షలు తక్కువ చూపిస్తుంది. పోయినేడాది ఆపిన లాభం ఇప్పుడు బయటి కస్టమర్ల నుంచి చేతికి వచ్చింది, దాన్ని ఈ ఏడాదికి కలపాలి. అలా 3 లక్షలు కలిపి, 4 లక్షలు తీసేస్తే, ఈ ఏడాది లాభం మీద నికర ప్రభావం 1 లక్ష మాత్రమే. మీరు 3.25 లక్షలు తీసేశారు.

ఇది మర్చిపోయారా లేదా అన్నది తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. మీ షీట్‌లో ఈ ఏడాది ప్రారంభ రిజర్వులూ ప్రారంభ మైనారిటీ ఇంట్రెస్టూ, పోయినేడాది కన్సాలిడేటెడ్ బ్యాలెన్స్ షీట్ ముగింపు అంకెలతో కలుస్తున్నాయేమో చూడండి. మీ షీట్‌లో అవి రెండూ కలిపి సరిగ్గా 3 లక్షలు ఎక్కువగా ఉన్నాయి. రెండు కంపెనీల విడి పుస్తకాల నుంచి అంకెలు తెచ్చుకుని, పాత ఎలిమినేషన్లు, అంటే కన్సాలిడేషన్‌లో తీసేసిన మొత్తాలు, వదిలేస్తే ఇలాగే అవుతుంది.

ఇప్పుడు మైనారిటీ వాటా. ఆ 20 శాతం వాటాదారులకు సబ్సిడరీలో మాత్రమే హక్కు ఉంది, మీ నూనె వ్యాపారంలో లేదు. ఇక్కడ సీసాలు అమ్మింది సబ్సిడరీ, లాభం రాసుకున్నదీ సబ్సిడరీయే. ఆ లాభంలో కొంత ఇంకా చేతికి రాలేదని మనం అంటున్నాం కాబట్టి, ఆ తగ్గింపు కూడా 80:20గా పంచాలి. కన్సాలిడేషన్‌కి సంబంధించిన ఏఎస్ 21 చేతికి రాని లాభాన్ని పూర్తిగా తీసేయమంటుంది. కింది నుంచి పైకి, అంటే సబ్సిడరీ నుంచి మీకు జరిగిన అమ్మకాల్లో ఆ తగ్గింపుని వాటాల ప్రకారం పంచడం ఆచరణలో స్థిరపడిన పద్ధతి, మీ ఆడిటర్ చేసిందీ అదే. సబ్సిడరీ 30 లక్షల లాభానికి పాత 3 లక్షలు కలిపి, కొత్త 4 లక్షలు తీసేస్తే 29 లక్షలు. అందులో 20 శాతం 5.80 లక్షలు. మీరు రాసిన 6 లక్షలకీ దీనికీ తేడా ఇదే.

ఒకవేళ మీరే సబ్సిడరీకి ఏదైనా సరుకు అమ్మి, అది వాళ్ల స్టాక్‌లో మిగిలి ఉంటే పద్ధతి మారుతుంది. అప్పుడు లాభం రాసుకున్నది మీరు. తగ్గింపు మొత్తం మీ వాటాదారుల మీదే పడుతుంది, మైనారిటీని ముట్టుకోకూడదు. అందుకే ఎలిమినేషన్ షీట్‌లో ప్రతి లైన్ పక్కన ‘అమ్మింది ఎవరు’ అన్న కాలమ్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి.

ఇవన్నీ కలిపితే లాభం లెక్క ఇలా తేలుతుంది. మీ 90 లక్షల్లోంచి డివిడెండ్ 8 లక్షలు తీస్తే 82. సబ్సిడరీ 30 కలిపితే 112. పాత స్టాక్ లాభం 3 కలిపి, కొత్తది 4 తీస్తే 111. మైనారిటీ వాటా 5.80 పోను మీ వాటాదారులకు 105.20 లక్షలు. మీ 110.75కీ దీనికీ తేడా 5.55 లక్షలు. డివిడెండ్ వల్ల మీరు 8 లక్షలు ఎక్కువ చూపారు. స్టాక్ వల్ల 2.25 లక్షలు, మైనారిటీ వల్ల 0.20 లక్షలు తక్కువ చూపారు. తప్పులు ఒకదాన్నొకటి కొంత కప్పేసుకున్నాయి, లేకపోతే తేడా ఇంకా పెద్దగా కనబడేది. పన్ను గురించి అడగలేదు గానీ చెబుతున్నాను: మీకు వర్తించే ఏఎస్ పద్ధతిలో ఈ ఎలిమినేషన్ల మీద పన్ను సర్దుబాటు చేయక్కర్లేదు. రెండు కంపెనీల పుస్తకాల్లోని పన్ను ఖర్చులు కూడితే చాలు.

బ్యాలెన్స్ షీట్‌లో మైనారిటీ ఇంట్రెస్ట్ కోసం మీరు మార్చి 31న సబ్సిడరీ నికర ఆస్తుల్లో 20 శాతం తీసుకున్నారు. మూలధనం 2 కోట్లు, రిజర్వులు 1.80 కోట్లు, మొత్తం 3.80 కోట్లలో 76 లక్షలు. దాంట్లోంచి చేతికి రాని 4 లక్షల్లో 20 శాతం, అంటే 80 వేలు తీసేస్తే 75.20. ఈ అడ్డదారి పనికొస్తుంది కానీ, ఆడిటర్‌కి చూపించాల్సింది ఏటేటా ఎలా పెరిగిందన్న లెక్క. మీరు వాటా కొన్న రోజున నికర ఆస్తులు 3 కోట్లు, మైనారిటీది 60 లక్షలు. 2024 మార్చికి రిజర్వులు కోటి నుంచి 1.60 కోట్లకి పెరిగాయి, పెరుగుదలలో వాళ్ల వాటా 12 లక్షలు. పాత స్టాక్ లాభంలో 60 వేలు పోతే ప్రారంభ బ్యాలెన్స్ 71.40 లక్షలు. ఈ ఏడాది లాభంలో 5.80 కలిపి, డివిడెండ్ 2 లక్షలు తీస్తే 75.20. రెండు దారుల్లోనూ ఒకే అంకె రావాలి. రాలేదంటే దాదాపు ఎప్పుడూ డివిడెండో, పాత స్టాకో వదిలేసినట్టే. ఈ అంకె వాటాదారుల నిధుల్లోనూ కలవకూడదు, అప్పుల్లోనూ కలవకూడదు, రెండింటి మధ్యా విడిగా చూపాలి.

మీ షీట్‌లో ఇంకో లైన్ కూడా సరిచూసుకోండి. కొన్న రోజున ఉన్న కోటి రూపాయల రిజర్వుల్లో మీ 80 శాతం మీరు సంపాదించిన లాభం కాదు, డబ్బిచ్చి కొన్నది. 3 కోట్లలో 80 శాతం 2.40 కోట్లు. మీరిచ్చింది 2.60 కోట్లు. తేడా 20 లక్షలు గుడ్‌విల్. ఏఎస్ 21 కింద ఈ లెక్క పుస్తక విలువల మీదే జరుగుతుంది. కన్సాలిడేటెడ్ రిజర్వుల్లోకి రావాల్సింది ఆ తర్వాత పెరిగిన 80 లక్షల్లో మీ 80 శాతం, అంటే 64 లక్షలు. అందులో చేతికి రాని లాభంలో మీ వాటా 3.20 పోతే 60.80 లక్షలు. మొత్తం సరిపోయిందో లేదో ఇలా చూడండి: సబ్సిడరీ నికర ఆస్తులు 380 లక్షల్లోంచి 4 తీసి, గుడ్‌విల్ 20 కలిపితే 396. మీ పుస్తకాల్లోని పెట్టుబడి 260 తీసేస్తే 136. మైనారిటీ 75.20, రిజర్వులు 60.80 కలిపితే అదే 136.

మిగిలింది బాకీల తేడా. వాళ్ల పుస్తకాల్లో మీరు ఇవ్వాల్సింది 15,00,000. మీ పుస్తకాల్లో 13,75,100. ఇలాంటి తేడాని ‘ఇంటర్‌కంపెనీ సస్పెన్స్’ అని ఒక లైన్‌లో పడేసి సరిచేయొద్దు, మూలం వెతకండి. లారీలో ఉన్న లక్ష రూపాయల సరుకు మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,18,000. దాన్ని మీ వైపు రాస్తే స్టాక్ లక్ష, ఇన్‌పుట్ క్రెడిట్ 18,000, బాకీ 1,18,000 పెరుగుతాయి. ఆ జీఎస్టీని ఎలిమినేట్ చేయకూడదు, ఎందుకంటే అది గ్రూపుకీ ప్రభుత్వానికీ మధ్య లెక్క. ఇంకా 6,900 మిగిలింది. మీరు రాసుకున్న కొనుగోళ్లు 1.19 కోట్లు, సెక్షన్ 194క్యూ కింద 50 లక్షలు దాటిన 69 లక్షల మీద 0.1 శాతం టీడీఎస్ కోశారు. అది సరిగ్గా 6,900. సబ్సిడరీ ఆ టీడీఎస్‌ని రాయలేదు కాబట్టి, మీరు ఇంకా బాకీ ఉన్నట్టే చూపిస్తోంది. ఇది వాళ్ల పుస్తకాల్లోనే సరిచేయాలి. ఆ తర్వాత రెండు వైపులా 14,93,100 వస్తుంది, అప్పుడు పూర్తిగా తీసేయొచ్చు.

లారీ సరుకు విషయంలో మీ ఇద్దరి మధ్య ఒప్పందం ఏమిటో కూడా చూడండి. ఫ్యాక్టరీ గేటు దాటగానే సరుకు మీదైపోతే, మార్చిలోనే మీ సొంత పుస్తకాల్లో కొనుగోలు రాయాలి, టీడీఎస్ కూడా ఆ లక్షకి ఇంకో 100 పెరుగుతుంది. మీ గోడౌన్ చేరాకే మీదవుతుందంటే, వాళ్లు మార్చిలో అమ్మకం రాయడమే తప్పు. రెండింటిలో ఏదైనా కన్సాలిడేటెడ్ లెక్కలో ఆ సీసాలు 80 వేల ఖర్చుతో గ్రూపు స్టాక్‌గానే ఉంటాయి, గ్రూపు లాభం మారదు. మారేది విడి కంపెనీల లెక్కలు మాత్రమే.

ఇదంతా లిస్టెడ్ కాని, ఇండ్ ఏఎస్ పరిధిలోకి రాని మీ కంపెనీకి వర్తించే లెక్క. నెట్‌వర్త్ 250 కోట్లకి చేరి ఇండ్ ఏఎస్‌కి మారితే మైనారిటీ ఇంట్రెస్ట్ ఈక్విటీలో భాగమవుతుంది, ఈ 4 లక్షల మీద డిఫర్డ్ ట్యాక్స్ లెక్కించాల్సి వస్తుంది, ఆ తర్వాత కొనే కంపెనీల ఆస్తుల్ని కొన్న రోజు ఫెయిర్ వాల్యూతో కొలవాలి.

ఫైలింగ్‌లో ఒక్కటి గుర్తుంచుకోండి. కంపెనీల చట్టం 2013 సెక్షన్ 129(3) ప్రకారం కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్లతో పాటు ఫారం ఏఓసీ-1లో సబ్సిడరీ ముఖ్య వివరాలు జత చేయాలి. అందులో రాయాల్సింది సబ్సిడరీ సొంత అంకెలు. కాబట్టి పైన చెప్పిన లారీ సరుకు సంగతి తేలాక, ఎలిమినేషన్లతో సంబంధం లేకుండా వాళ్ల ఆడిట్ అయిన లెక్కల్లోని అమ్మకాలు, లాభం ఉన్నదున్నట్టు అక్కడ వేయండి.